పని వేళలు మారుతున్నాయని మెమో ఎలా రాయాలి: అభ్యంతరం రాకముందే జవాబు

పని వేళలు మార్చాలని పైవాళ్లు నిర్ణయించి, మెమో రాసే పని మీకు అప్పగించారనుకుందాం. ఇలాంటి మెమోలు చాలావరకు రెండు మూడు వాక్యాల్లో అయిపోతాయి. "యాజమాన్యం నిర్ణయం మేరకు ఫలానా తేదీ నుంచి పని వేళలు ఈ విధంగా ఉంటాయి. సిబ్బంది అందరూ సహకరించగలరు." ఆ కాగితం బోర్డు మీదికి ఎక్కిన గంటలోపే గేటు బయట టీ బండి దగ్గర కారణాలు పుట్టుకొస్తాయి. జీతం తగ్గిస్తారట, ఓటీ ఎత్తేస్తారట, పిల్లలున్న ఆడవాళ్లని మాన్పించడానికే ఇదంతానట. కారణం మీరు చెప్పకపోతే జనం తమకు తోచింది పెట్టుకుంటారు. ఒకసారి పెట్టుకున్నాక అసలు కారణం ఎంత విడమరిచి చెప్పినా సాకులాగే వినిపిస్తుంది. అందుకే కారణమూ, అభ్యంతరాలకు జవాబూ మొదటి కాగితంలోనే ఉండాలి.

ఉదాహరణకు జీడిమెట్లలో అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీ అనుకోండి. అరవై మంది పనివాళ్లు, అందులో సగం మంది ఆడవాళ్లు. ఎక్కువమంది సూరారం, షాపూర్‌నగర్, గాజులరామారం వైపు నుంచి వస్తారు. ఇప్పుడు పని ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6 దాకా, మధ్యలో 1:30కి అరగంట భోజనం. వారానికి ఆరు రోజులు. పెట్టెలు కొనేది పాశమైలారంలోని ఒక మందుల కంపెనీ. ఇకనుంచి సాయంత్రం 4 దాటితే సరుకు దించుకోబోమని వాళ్లు చెప్పేశారు. అంటే మన లోడు మధ్యాహ్నం 2:30కల్లా గేటు దాటాలి. అందుకని పనిని ఉదయం 8 నుంచి సాయంత్రం 4:30కి మార్చాలనుకుంటున్నారు. ఈ మెమో ఎలా రాయాలో మొదటి నుంచి చూద్దాం.

ముందు గంటలు లెక్కేయండి

కలం పట్టేముందు కొత్త వేళల్ని కాగితం మీద వేసి చూడండి. 8 నుంచి 4:30 అంటే ఎనిమిదిన్నర గంటలు. భోజనం అరగంట తీసేస్తే 8 గంటల పని, వారానికి 48. పాత లెక్కా అంతే. మెమోలో "పని గంటలు పెరగడం లేదు" అని ధైర్యంగా రాయడానికి ఇదే ఆధారం.

చాలామంది ఇక్కడితో ఆగిపోయి భోజనం సంగతి మర్చిపోతారు. పని మొదలయ్యే వేళను ముందుకు జరిపి, భోజనాన్ని 1:30 దగ్గరే వదిలేస్తే ఉదయం వరుసగా ఐదున్నర గంటలు పని చేయించినట్టవుతుంది. అరగంట విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించకూడదన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్న నియమం. చట్టం మాట పక్కన పెట్టినా, ఉదయం ఆరింటికి ఇంత తిని బయల్దేరిన మనిషికి 1:30 దాకా అన్నం లేకపోతే చేయి ఆడదు. కటింగ్ మెషిన్ దగ్గర అది ప్రమాదం. కాబట్టి భోజనం 12:30కి రావాలి. అప్పుడు ఉదయం నాలుగున్నర గంటలు, మధ్యాహ్నం మూడున్నర గంటలు అవుతాయి.

తేదీ కూడా ఇప్పుడే తేల్చుకోండి. పని గంటలు, విరామాలు మార్చాలంటే పనివాళ్లకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9ఎ సెక్షన్ చెప్పేది. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక కూడా పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ 21 రోజుల నియమం అలాగే ఉంది. ఆ నోటీసు నిర్ణీత ఫారంలో వేరుగా వెళ్తుంది. మీరు రాసే మెమో దానికి బదులు కాదు, దాని పక్కన నిలబడి మనుషులకు అర్థమయ్యేలా చెప్పే కాగితం. రెండూ ఒకే రోజు బయటికి రావాలి, రెండింట్లో తేదీలూ వేళలూ ఒక్కటే ఉండాలి. మన ఉదాహరణలో జూన్ 8 సోమవారం నోటీసు, జూలై 6 సోమవారం మార్పు అనుకుందాం. మధ్యలో నాలుగు వారాలు. తెలంగాణలో బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు కాబట్టి, మార్పు వచ్చేనాటికి ఎవరి పిల్లల బడి వ్యాను ఎన్నింటికి వస్తుందో తేలిపోయి ఉంటుంది. ఏప్రిల్‌లోనో మేలోనో మార్చేస్తే జూన్‌లో మళ్లీ గొడవ మొదలవుతుంది.

అభ్యంతరాలను కుర్చీలో కూర్చుని ఊహించకండి

ఆఫీసులో కూర్చుని రాసుకునే అభ్యంతరాలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి: "ఉదయాన్నే లేవడం కష్టం", "అలవాటు పడాలి". పనివాళ్ల అసలు అభ్యంతరాలు వేరే చోట ఉంటాయి, అవి వాళ్ల ఇంటి గడియారానికి కట్టేసి ఉంటాయి. అందుకే మెమో రాయడానికి ముందు సూపర్‌వైజర్లతోపాటు ప్రతి టేబుల్ నుంచీ ఒకరిద్దరితో విడిగా మాట్లాడండి. "కొత్త టైము మీకు ఇష్టమేనా?" అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. "ఎనిమిదింటికి ఇక్కడ ఉండాలంటే ఇంట్లో ఎన్నింటికి లేవాలి, ఏ పని ఆగిపోతుంది?" అని అడగండి. అప్పుడు మాటలు వస్తాయి.

మన జీడిమెట్ల ఫ్యాక్టరీలో అలా అడిగితే ఏమేం బయటపడతాయో చూడండి.

"సార్, మా పాప బడి వ్యాను ఎనిమిదిన్నరకొస్తది. నేను ఏడున్నరకే ఇల్లు దాటితే దాన్నెవరు ఎక్కిస్తరు?" ఇది ప్యాకింగ్ టేబుల్ దగ్గర పనిచేసే ఒకామె మాట. ఇలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్క తీయండి. ఎనిమిది మంది అనుకుందాం.

ఇంకొకామెది నల్లా బాధ. వాళ్ల గల్లీలో రోజు విడిచి రోజు నీళ్లు, అదీ పొద్దున ఏడింటి తర్వాతే. నీళ్లు పట్టకుండా బయల్దేరితే రెండు రోజులు ఇల్లు గడవదు. ఆఫీసులో ఎవరికీ తట్టని అభ్యంతరం ఇది. హైదరాబాద్‌లో పొద్దుటి షిఫ్ట్ పెట్టే ప్రతివాళ్లకూ ఇది ఎదురవుతుంది.

మూడోది శుక్రవారం నమాజు. భోజనం 1:30కి ఉన్నన్నాళ్లూ ముస్లిం పనివాళ్లు ఆ అరగంటలోనే పక్క గల్లీలోని మసీదుకు వెళ్లి వచ్చేవారు, ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు. భోజనాన్ని 12:30కి జరిపితే జుమా వేళకు వాళ్లు మెషిన్ ముందు ఉంటారు. కావాలని చేసినది కాకపోయినా వాళ్ల కంట్లో అది కావాలని చేసినట్టే ఉంటుంది. మెమోలో దీని ఊసే లేకపోతే అడగడానికి కూడా మొహమాటపడతారు, మనసులో మాత్రం పెట్టుకుంటారు.

నాలుగోది బస్సు. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం కాబట్టి వాళ్లలో చాలామంది షేర్ ఆటో మానేసి బస్సులోనే వస్తున్నారు. ఏడు నుంచి ఎనిమిది మధ్య వాళ్ల స్టాపులో ఎన్ని బస్సులు ఆగుతాయన్నదే అసలు ప్రశ్న. ఇది పుకారు మీద రాయకండి. ఒకరిని రెండు ఉదయాలు ఆ స్టాపు దగ్గర నిలబెట్టి బస్సుల వేళలు రాయించండి.

ఐదోది డబ్బు. జీతం, ఓటీ, హాజరు బోనస్, లేట్ మార్కు. దీన్ని ఎవరూ మీ ముందు అడగరు. కానీ మెమో చేతికి రాగానే ప్రతి ఒక్కరి కళ్లూ మొదట వెతికేది దీన్నే.

ప్రతి అభ్యంతరానికీ ముందు నిర్ణయం, తర్వాతే వాక్యం

అభ్యంతరాల జాబితా పట్టుకుని నేరుగా రాయడానికి కూర్చుంటే మెమో నిండా "పరిశీలిస్తాం", "సానుకూలంగా స్పందిస్తాం" లాంటి మాటలే వస్తాయి. చదివేవాళ్లకు అవి "లేదు" అన్నట్టే. కాబట్టి జాబితాను మేనేజర్ ముందు పెట్టి, ఒక్కోదానికీ మూడింట్లో ఒక జవాబు రాబట్టండి: చేస్తాం, కొంతవరకు చేస్తాం, చేయలేం.

పిల్లల తల్లుల విషయం చేయగలిగినదే. లారీకి సంబంధించిన పని కటింగ్, ముద్రణ, లోడింగ్ దగ్గర ఉంది. మడిచి కట్టలు కట్టే టేబుల్ మరుసటి రోజు సరుకు మీద పనిచేసినా నష్టం లేదు. కాబట్టి ఆ ఎనిమిది మందిని ఆ టేబుల్‌కు మార్చి 9 నుంచి 5:30 దాకా వేళ ఇవ్వొచ్చు. భోజనం అందరితోపాటు 12:30కే, పని 8 గంటలే.

శుక్రవారానికి కూడా దారి ఉంది. నమాజుకు వెళ్లేవాళ్లకు ఆ ఒక్కరోజు 1 నుంచి 2 దాకా విరామం, సాయంత్రం 5 దాకా పని. ఉదయం సరిగ్గా 5 గంటలు, మధ్యాహ్నం 3. ఐదు గంటల హద్దు దాటలేదు, జీతంలో కోత లేదు. ఆ గంట లోడింగ్ దగ్గర ఎవరు ఉంటారో సూపర్‌వైజర్ ముందే చూసుకోవాలి. గేటు దగ్గర పెట్టే పని వేళల పట్టికలో ఈ రెండు గుంపుల వేళలూ వేరువేరు వరుసల్లో ఉండాలి. లేకపోతే తనిఖీకి వచ్చిన అధికారికి మీ పట్టిక ఒకటి చెబుతుంది, హాజరు రిజిస్టర్ ఇంకొకటి చెబుతుంది.

నీళ్ల విషయంలో పూర్తి జవాబు లేదు. నల్లా వేళను ఫ్యాక్టరీ మార్చలేదు. మొదటి రెండు నెలలు 8:15 దాకా వచ్చినా లేట్ మార్కు పడదని చెప్పొచ్చు. ఆ పదిహేను నిమిషాలు కొందరికి సరిపోతాయి, కొందరికి సరిపోవు. సరిపోదని తెలిసినప్పుడు ఆ మాటే మెమోలో రాయండి. "మీ కష్టం మాకు తెలుసు, దీనికి మా దగ్గర పూర్తి పరిష్కారం లేదు" అన్న ఒక్క వాక్యం చదివాక, మిగతా చోట్ల మీరు "చేస్తాం" అన్నదాన్ని జనం నమ్ముతారు. అన్నింటికీ పరిష్కారం ఉందని రాసిన మెమోను ఎవరూ నమ్మరు.

కారణం: ఒక్కటే, నిజమైనది, లెక్కతో

ఇక్కడే ఎక్కువ మెమోలు చెడిపోతాయి. అసలు కారణం కంపెనీ లాభానికి సంబంధించినదని సిగ్గుపడి, దానికి అలంకారాలు తొడుగుతారు. "సాయంత్రం మీరు కుటుంబంతో ఎక్కువ సమయం గడపాలని", "ట్రాఫిక్ ఇబ్బంది తగ్గాలని". ఆ మాటలు అబద్ధం కాకపోవచ్చు, కానీ నిర్ణయం వాటి కోసం తీసుకోలేదు. షాపూర్‌నగర్ నుంచి నడిచి వచ్చే మనిషికి ట్రాఫిక్ ఇబ్బంది తగ్గిస్తున్నామని చెబితే, ఆ తర్వాతి వాక్యం ఎంత నిజమైనా అతని చెవికెక్కదు. సాయంత్రం తొందరగా ఇంటికి వెళ్లడం మంచిదే. అది మంచిదో కాదో వాళ్లే చెప్పుకుంటారు, మీరు చెప్పక్కర్లేదు.

అసలు కారణానికి ఒక చిన్న లెక్క చాలు. లారీ 2:30కి కదలాలి. ఇప్పుడు 9:30కి మొదలుపెడితే, భోజనం పోను ఆలోపు జరిగే పని నాలుగున్నర గంటలు. 8కి మొదలుపెడితే 6 గంటలు. ఆ గంటన్నర సరుకు ఇప్పుడు ఆ రోజు లారీ అందుకోదు, రాత్రంతా ఇక్కడే పడి ఉండి మర్నాడు వెళ్తుంది. ఇది పనివాళ్లు రోజూ కళ్లారా చూస్తున్నదే కాబట్టి ఒప్పుకోవడానికి సమయం పట్టదు.

వేరే దారులు ఏం చూశారో కూడా ఒక వాక్యంలో రాయండి. "లారీ వేళను మార్చమని కొనేవాళ్లను అడిగాం, ఒప్పుకోలేదు. ఒక్క కటింగ్ వాళ్లనే తొందరగా రమ్మనాలని చూశాం, ముద్రణ ఆగిపోతోంది." నిజంగా అడిగి ఉంటేనే రాయండి. అడగకపోతే మెమో ఆపి, ముందు అడిగి రండి.

ఇక మెమో

మార్పు మొదటి పేరాలో ఉండాలి, కారణం రెండో పేరాలో. చరిత్రతో మొదలుపెట్టకండి. బోర్డు ముందు నిలబడి చదివే మనిషికి వెనక మరో పది మంది నిలబడి ఉంటారు. డబ్బు సంగతి కారణం తర్వాత వెంటనే రావాలి. అభ్యంతరాలు ఆ తర్వాత, పనివాళ్లు అన్న మాటల్లోనే. పేర్లు మాత్రం వద్దు. ఒకరి పేరు పడితే ఆమె వల్లే ఇదంతా అన్నట్టు అవుతుంది.

> విషయం: జూలై 6 నుంచి పని వేళల మార్పు
>
> జూలై 6 సోమవారం నుంచి మన పని ఉదయం 8 గంటలకు మొదలై సాయంత్రం 4:30కి ముగుస్తుంది. భోజన విరామం 12:30 నుంచి 1 దాకా. వారాంతపు సెలవు ఆదివారమే, అందులో మార్పు లేదు.
>
> కారణం ఇది. మన పెట్టెలు కొనే కంపెనీ ఇకనుంచి సాయంత్రం 4 తర్వాత సరుకు తీసుకోదు. లారీ ఇక్కడి నుంచి 2:30కి బయల్దేరాలి. 9:30కి పని మొదలైతే ఆ లోపు నాలుగున్నర గంటల పనే అవుతుంది, 8కి మొదలైతే 6 గంటలు అవుతుంది. వేళ సడలించమని వాళ్లను అడిగాం, వీలుకాదన్నారు. కటింగ్ విభాగాన్ని మాత్రమే ముందు రప్పించాలని చూశాం, దానివల్ల ముద్రణ ఆగుతోంది.
>
> పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, ఇప్పుడున్నట్టే. జీతం, హాజరు బోనస్ మారవు. మీ పని వేళ ముగిశాక చేసిన పనికి ఓటీ ఇప్పటిలాగే రెట్టింపు లెక్కన వస్తుంది.
>
> బడి పిల్లలను పంపాల్సినవాళ్లు ఎనిమిదింటికి ఎలా వస్తారని అడిగారు. ఐదో తరగతి లోపు పిల్లలున్నవాళ్లు కోరుకుంటే కట్టల టేబుల్ దగ్గర 9 నుంచి 5:30 దాకా పని చేయొచ్చు. భోజనం 12:30కే. జూన్ 20 లోపు సూపర్‌వైజర్‌కు పేరు ఇవ్వండి.
>
> శుక్రవారం నమాజుకు వెళ్లేవాళ్లకు ఆ రోజు 1 నుంచి 2 దాకా విరామం ఉంటుంది, పని 5కి ముగుస్తుంది. జీతంలో కోత ఉండదు.
>
> పొద్దున నల్లా నీళ్లు పట్టుకోవాలని కొందరు చెప్పారు. జూలై, ఆగస్టు నెలల్లో 8:15 దాకా వచ్చినవారికి లేట్ మార్కు పడదు. ఇది అందరికీ సరిపోదని మాకు తెలుసు. దీనికి పూర్తి పరిష్కారం మా దగ్గర లేదు.
>
> బస్సుల వేళల పట్టిక ఈ కాగితం పక్కన అంటించాం. ఆ వేళల్లో మీకు బస్సు దొరక్కపోతే ఆఫీసులో చెప్పండి.
>
> ఇంకా ఏ ఇబ్బంది ఉన్నా జూన్ 13, 20 శనివారాల్లో భోజన వేళ ఫ్యాక్టరీ మేనేజర్ క్యాంటీన్‌లో ఉంటారు. అక్కడ అడిగిన ప్రశ్నలకు జవాబులు తర్వాతి సోమవారం ఈ బోర్డు మీద ఉంటాయి.
>
> ఫ్యాక్టరీ మేనేజర్

రాశాక తీసేయాల్సిన మాటలు

"ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా" అన్న వాక్యంతో పోలీసు స్టేషన్ కాగితం వాసన వస్తుంది, తీసేయండి. "సహకరించగలరు" కూడా వద్దు. అది కోరినట్టు కనిపించే ఆజ్ఞ. "ఉల్లంఘించినవారిపై తగు చర్యలు" అన్నది ఈ మెమోలో అస్సలు రాకూడదు. ఇంకా ఎవరూ ఏమీ ఉల్లంఘించలేదు. లేట్ మార్కు నియమాలు ఎలాగూ వేరే కాగితంలో ఉంటాయి. "కొందరి సౌకర్యం కోసం" అనే మాట కూడా జాగ్రత్త. తల్లులకూ, నమాజుకు వెళ్లేవాళ్లకూ ఇచ్చిన వెసులుబాటును దయలాగా రాస్తే, మిగతావాళ్లు వాళ్లను చూసి కుళ్లుకుంటారు. అవీ పని వేళలే అన్నట్టు, మిగతా వేళలు రాసిన స్వరంలోనే రాయండి.

అక్కడ బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఉంటే హిందీ కాగితం కూడా పక్కనే, అదే రోజు, అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి. తెలుగుది పెట్టి హిందీది రెండు రోజుల తర్వాత పెడితే, ఆ రెండు రోజులూ వాళ్లు కాంట్రాక్టర్ చెప్పిందే నమ్ముతారు. కాంట్రాక్టర్ మనుషులకు కూడా ఇవే వేళలా, నోటీసు అతను వేరుగా ఇవ్వాలా అన్నది ముందే తేల్చుకోండి.

అంటించే రోజు, ఆ తర్వాత

సోమవారం ఉదయం అంటిస్తున్నారంటే శనివారం సాయంత్రం సూపర్‌వైజర్లను కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించండి. అందరూ మొదట అడిగేది వాళ్లనే. "నాకూ ఇప్పుడే తెలిసింది" అని సూపర్‌వైజర్ అన్నాడంటే మీ మెమోకు విలువ పోయింది. వాళ్లకు మరీ ముందు చెప్పినా ఇబ్బందే, సగం సగం మాటలు బయటికి పోతాయి.

క్యాంటీన్‌లో జరిగే ఆ రెండు శనివారాల్లో మేనేజర్ ఒక పుస్తకం పెట్టుకుని ప్రతి ప్రశ్నా రాసుకోవాలి, అక్కడికక్కడే మాట ఇవ్వకూడదు. మాట ఇచ్చేస్తే ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి అవుతుంది. సోమవారం బోర్డు మీద జవాబు పెట్టేటప్పుడు "కుదరదు" అన్న జవాబులు కూడా పెట్టండి, పక్కనే ఎందుకో ఒక వాక్యం ఉండాలి.

మెమో పనిచేసిందో లేదో మొదటి వారం హాజరులో తెలియదు. మొదటి వారం అందరూ వస్తారు. మూడో వారం నుంచి చూడండి: 8:15 దాటి వస్తున్నవాళ్లు ఎవరు, ఏ రోజుల్లో, ఏ గల్లీ నుంచి. రోజు విడిచి రోజు ఆలస్యం అవుతున్నది ఒకే వీధివాళ్లయితే అది నీళ్లు, అందరూ ఒకే స్టాపువాళ్లయితే బస్సు. ఆగస్టు చివర్లో వెసులుబాటు ఎత్తేసేముందు ఈ లెక్క మేనేజర్ ముందు పెట్టి, పొడిగించాలా వద్దా అన్నది కనీసం పది రోజుల ముందు మళ్లీ బోర్డు మీద రాయండి.